‘పర్లేదు’కు ఎన్ని స్టార్లు? రేటింగ్‌కు స్టార్లు పెట్టాలా, థంబ్స్ పెట్టాలా

నిజాంపేటలో మాది మూడొందల పైచిలుకు ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్. వాట్సాప్ గ్రూపులో వారానికి నాలుగుసార్లు వచ్చే ప్రశ్న ఒకటే: "మంచి ఏసీ మెకానిక్ ఎవరైనా ఉన్నారా?" ఒకరు నంబరు పెడతారు. ఇంకొకరు "అతను వద్దండీ, గ్యాస్ అయిపోయిందని డబ్బులు గుంజుతాడు" అంటారు. నంబరు పెట్టినవాళ్లు నొచ్చుకుంటారు. ఈ గొడవ ఎందుకని, కమిటీ తరఫున నేనే ఒక గూగుల్ ఫారం తయారుచేశాను. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్‌లు, పెయింటర్లు, వంటవాళ్లు, ఇలా అందరి పేర్లూ రాసి, ఎదురుగా ఐదు స్టార్లు పెట్టాను.

ఆరు నెలల తర్వాత తెరిచి చూస్తే, దాదాపు అందరికీ నాలుగున్నర పైనే ఉంది. ఏప్రిల్‌లో ఎండలు ముదిరి ఏసీలు మొరాయించినప్పుడు ఆ లిస్టును ఎవరూ చూడలేదు. మళ్లీ గ్రూపులోనే అడిగారు. అందరూ బాగున్నారని చెప్పే లిస్టుతో ఎవరిని పిలవాలో ఎలా తేల్చుకుంటారు?

అప్పటి నుంచి స్కేలు మార్చి మార్చి చూశాను. మీ అపార్ట్‌మెంట్‌కో, కేటరింగ్ సర్వీసుకో, ట్యూషన్ సెంటర్‌కో రేటింగ్ పెట్టాలనుకుంటే స్టార్లు ఎప్పుడు పనికొస్తాయి, థంబ్స్ అప్-డౌన్ ఎప్పుడు పనికొస్తుంది, రెండూ ఎక్కడ దెబ్బతింటాయి అన్నది నాకు తెలిసినంతలో చెబుతాను.

‘పర్లేదు’ దగ్గరే చిక్కంతా

పని అద్భుతంగా చేసినవాడికి ఎన్ని స్టార్లివ్వాలో అందరికీ తెలుసు. ఇల్లు పాడుచేసి వెళ్లినవాడి సంగతీ తెలుసు. కానీ మన ఇళ్లల్లో ఎక్కువగా వినపడే తీర్పు ఈ రెండూ కాదు. "ఎలా చేశాడు?" అని అడిగితే "పర్లేదు" అంటాం. ఆ పర్లేదును మా రెండో బ్లాక్‌లో ఒకాయన మూడు స్టార్లుగా రాస్తారు. ఆయన రిటైర్డ్ లెక్చరర్, పేపర్లు దిద్దిన అలవాటు. ఎదురు ఫ్లాట్ అమ్మాయి అదే పర్లేదుకు నాలుగిస్తుంది. ఇంకొకరు "పాపం, పొట్టకూటి కోసం తిరిగేవాడు" అని ఐదిచ్చేస్తారు. మాట ఒకటే అయినా మూడు అంకెలొచ్చాయి. వాటి సగటు తీస్తే, పని ఎలా ఉందన్నదానికంటే రేటింగ్ ఇచ్చినవాళ్ల స్వభావమే ఎక్కువగా బయటపడుతుంది.

దీనికి తోడు, పర్లేదు అనుకున్నవాళ్లలో చాలామంది అసలు ఫారమే తెరవరు. బాగా సంతోషించినవాడో, బాగా మండిపోయినవాడో మాత్రమే పనిగట్టుకుని రాస్తాడు. నాన్ హు, పాల్ పావ్లూ, జీ జాంగ్ అనే పరిశోధకులు ఆన్‌లైన్ వస్తువుల రివ్యూల మీద 2009లో రాసిన వ్యాసంలో సరిగ్గా ఇదే చూపించారు. రేటింగ్‌ల గ్రాఫ్ గీస్తే మధ్యలో గుట్టలా రాలేదు, ఇంగ్లీషు జె అక్షరంలా వచ్చింది. ఐదు దగ్గర ఎత్తైన స్తంభం, ఒకటి దగ్గర చిన్న స్తంభం, మధ్యలో పల్లం. వాళ్లు రెండు కారణాలు చెప్పారు. మొదటిది, నచ్చుతుందనుకున్నవాళ్లే కొంటారు కాబట్టి మొదటి నుంచీ పైకే మొగ్గు ఉంటుంది. రెండోది, మధ్యస్థంగా అనిపించినవాళ్లు మాట్లాడరు.

అదే ఏడాది యూట్యూబ్ కూడా తమ వీడియోల రేటింగ్‌ల గ్రాఫ్‌ను బయటపెట్టింది. దాదాపు అన్నీ ఐదు స్టార్లే. ఆ తర్వాత స్థానం ఒక స్టారుది. రెండు, మూడు, నాలుగు ఉన్నాయా అంటే ఉన్నాయి, అంతే. జనం ఐదు మెట్ల స్కేలును రెండు మెట్లలాగే వాడుతున్నారని తేలాక, 2010లో స్టార్లు తీసేసి థంబ్స్ అప్, థంబ్స్ డౌన్ పెట్టారు.

మా లిస్టుకూ అదే రోగం. ఏసీ మెకానిక్ పని ముగించి, షూ వేసుకుంటూ "సార్, జర ఫైవ్ స్టార్ కొట్టుండ్రి" అంటాడు. గుమ్మంలో నిలబడ్డ మనిషి ముందు ఫోన్ తీసి నాలుగు నొక్కాలంటే మొహమాటం. క్యాబ్‌లు, డెలివరీలు వాడి వాడి ఐదుకు ఒక్కటి తగ్గినా అవతలివాడి బతుకుకు దెబ్బ అన్న భయం మనకు బాగా పట్టేసింది. అలా నాలుగు స్టార్లకు "బాగుంది" అన్న అర్థం పోయి "ఫిర్యాదు" అన్న అర్థం వచ్చింది. ఐదేమో "ఏ గొడవా లేదు" అన్న స్థాయికి దిగింది. ఇంక నిజంగా గొప్పగా చేసినవాడికి ఇవ్వడానికి ఏం మిగిలింది?

ఒకే 4.6, ఇద్దరు మెకానిక్‌లు

మా లిస్టులోంచే ఇద్దరిని తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండాలని అంకెల్ని కొంచెం సర్ది చెబుతున్నాను.

మొదటి మెకానిక్‌కు 40 రేటింగ్‌లు వచ్చాయి. 36 మంది ఐదు స్టార్లిచ్చారు, నలుగురు ఒకటిచ్చారు. మొత్తం 184 స్టార్లు, సగటు 4.6. రెండో మెకానిక్‌కూ 40 రేటింగ్‌లే. 24 మంది ఐదిచ్చారు, 16 మంది నాలుగిచ్చారు. మొత్తం 184, సగటు 4.6.

లిస్టులో ఇద్దరూ పక్కపక్కనే, సమానంగా కనిపిస్తారు. కానీ మొదటివాడిని పిలిస్తే పదింటిలో ఒకసారి కొంప మునుగుతుంది. రెండోవాడు ఎవరినీ ముంచలేదు, కాకపోతే కొందరికి కొంచెం ఆలస్యంగా వచ్చాడు. మే నెలలో, ఇంట్లో పసిబిడ్డ ఉన్నప్పుడు, మీరు ఎవరిని పిలుస్తారు? సగటు ఆ సంగతి చెప్పదు. స్టార్లు పెట్టేవాళ్లు కనీసం ఏ స్టారుకు ఎంతమందో చిన్న గీతలుగా చూపించాలనేది అందుకే. అది కుదరకపోతే ఒక స్టారు ఎంతమంది ఇచ్చారో ఆ ఒక్క అంకె అయినా పక్కన రాయాలి.

ఇదే థంబ్స్‌లో అడిగితే మొదటివాడికి 90 శాతం, రెండోవాడికి, నాలుగిచ్చినవాళ్లంతా పైకే నొక్కారనుకుంటే, 100 శాతం. తేడా కంటికి కనిపిస్తుంది. "ఇతని వల్ల ఇబ్బంది పడతానా, లేదా" అన్నదే మీ ప్రశ్న అయినప్పుడు థంబ్స్ సూటిగా జవాబు చెబుతుంది.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. గృహప్రవేశానికో, బారసాలకో వంట చేసే ఇద్దరున్నారు. మొదటామెకు 40లో 38 ఐదులు, 2 నాలుగులు. రెండో ఆయనకు 10 ఐదులు, 25 నాలుగులు, 5 మూడులు. సగటులు చూస్తే 4.95, 4.1. ఒకామె చేతి గుత్తివంకాయ గురించి జనం నెల తర్వాత కూడా చెప్పుకుంటారు. రెండో ఆయన వంటకు వంక పెట్టలేం, గుర్తూ పెట్టుకోలేం. థంబ్స్‌లో అడిగితే ఆమెకు 40కి 40, ఆయనకు 38 దాకా రావచ్చు. ఆమె గొప్పతనమంతా ఆ రెండు ఓట్ల తేడాలో కనపడకుండా పోతుంది. ఎవరూ చెడగొట్టని చోట, మంచివాళ్లలోంచి మరీ మంచివాళ్లను ఎంచుకోవాల్సిన చోట, థంబ్స్ కళ్లకు గంతలు కడుతుంది.

నేను చెప్పే మొదటి సలహా కూడా ఇదే. స్కేలు గురించి ఆలోచించే ముందు, లిస్టు చూసే మనిషి దేనికి చూస్తున్నాడో కనుక్కోండి. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, ఏసీ సర్వీసు, వాటర్ ట్యాంకర్ లాంటివాటిలో జనం తప్పించుకోవాలనుకునేది నష్టాన్ని. అక్కడ థంబ్స్ పెట్టండి. కేటరింగ్, పెళ్లి ఫొటోగ్రాఫర్, సంగీతం మాస్టారు లాంటివాళ్ల విషయంలో జనం వెతికేది శ్రేష్ఠతను. అక్కడ స్టార్లే ఉంచండి, కానీ ప్రతి స్టారు పక్కన మాటల్లో అర్థం రాయండి. "3: తిన్నాం, గుర్తు లేదు", "5: వేరేవాళ్ల ఫంక్షన్‌కు నేనే చెబుతాను" అని రాసి ఉంటే లెక్చరర్ గారి మూడు, ఎదురింటి అమ్మాయి నాలుగు కొంతైనా దగ్గరికొస్తాయి.

థంబ్స్ నిజం ఎక్కడ చెప్పిస్తుంది, ఎక్కడ నోరు నొక్కేస్తుంది

థంబ్స్ పెట్టగానే మొదట కనిపించే మార్పు ఓట్ల సంఖ్య. నెట్‌ఫ్లిక్స్ 2017లో ఐదు స్టార్లు తీసేసి థంబ్స్ పెట్టినప్పుడు, పరీక్షల్లో రేటింగ్‌లు 200 శాతం పెరిగాయని చెప్పుకుంది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. మూడా నాలుగా అని తర్జనభర్జన పడే పని ఉండదు, వేలు పైకో కిందికో అంతే. మా దగ్గర కూడా అప్పటిదాకా ఫారం జోలికి రానివాళ్లు నొక్కడం మొదలుపెట్టారు. పర్లేదు బ్యాచ్ లోపలికి రావడం వల్ల ఫలితం కూడా నమ్మకంగా తయారైంది. అంతకుముందు మాట్లాడింది మండిపోయినవాళ్లు, మురిసిపోయినవాళ్లు మాత్రమే కదా.

ఇంకో మేలు నేను అనుకోనిది. మా లిస్టులో ఒక పెయింటర్ ఉన్నాడు, బీహార్ నుంచి వచ్చినతను. పని శుభ్రం. అయినా నాలుగు స్టార్లు ఎక్కువగా పడేవి. నాలుగిచ్చిన ఇద్దరికి ఫోన్ చేసి, ఏం తగ్గిందని అడిగాను. "పని బాగానే చేశాడండీ, మాటే సరిగ్గా అర్థం కాలేదు" అని ఒకరన్నారు. రెండోవారికి కారణమే తోచలేదు. థంబ్స్ పెట్టాక అతనికి కింది వేలు ఒక్కటీ పడలేదు. 2025లో నేచర్ పత్రికలో ఇలాంటి విషయం మీదే ఒక పరిశోధన వచ్చింది. ఇంటి పనులకు మనుషుల్ని పంపే ఒక ఆన్‌లైన్ సంస్థలో ఐదు స్టార్లున్నంత కాలం తెల్లవాళ్లు కాని పనివాళ్లకు రేటింగ్ కాస్త తక్కువ పడేది, దానివల్ల వాళ్ల ఆదాయమూ తగ్గేది. థంబ్స్‌కు మారాక ఆ తేడా పోయింది. ఐదుకూ నాలుగుకూ మధ్య ఉన్న ఆ సందులోనే మనకు మనమే ఒప్పుకోని చిన్నచూపు దాక్కుంటుంది. "మళ్లీ పిలుస్తావా, లేదా" అని నిలదీస్తే దాక్కునే చోటుండదు.

ఇక థంబ్స్ వల్ల వచ్చే నష్టం. కింది వేలు నొక్కడం మనకు చాలా పెద్ద మాటలా అనిపిస్తుంది. రెండు స్టార్లిచ్చేవాడు కూడా థంబ్స్ డౌన్ దగ్గర ఆగిపోతాడు. అందులోనూ మనిషి తెలిసినవాడు, రేపు లిఫ్ట్‌లో ఎదురవుతాడు. మా మొదటి థంబ్స్ ఫారంలో "నచ్చిందా?" అని అడిగాను. అది నేను చేసిన తప్పు. ఆ ప్రశ్నకు పర్లేదు అనుకున్నవాళ్లు మొహమాటపడి పైకి నొక్కారు, చిరాకుపడినవాళ్లు నొక్కకుండా వదిలేశారు. ఫలితం మళ్లీ అందరికీ 95 శాతం. ప్రశ్నను "మళ్లీ పనిపడితే ఇతన్నే పిలుస్తారా?" అని మార్చాక అంకెలు కదిలాయి. నచ్చిందా అన్నది మనిషి మీద తీర్పులా ఉంటుంది. మళ్లీ పిలుస్తారా అన్నది మన నిర్ణయం, దానికి కాదనడంలో అంత మొహమాటం లేదు.

పేర్ల సంగతి కూడా అక్కడే తేల్చుకోవాలి. కింది వేలు నొక్కింది ఎవరో పనివాడికి తెలిసే అవకాశం ఉంటే ఏ స్కేలూ నిజం చెప్పదు. ఈబేలో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఒకరికొకరు మార్కులిచ్చుకునే రోజుల్లో, చెడ్డ మార్కుకు ప్రతీకారంగా చెడ్డ మార్కు వస్తుందని జనం నోరు మూసుకునేవారు. అమ్మేవాళ్లు కొన్నవాళ్లకు చెడ్డ మార్కు ఇచ్చే వీలును 2008లో ఈబే తీసేసింది. మేము చేసింది ఇంకా చిన్న పని. ఓటు పడగానే అంకె మారకుండా, ఒక్కో పనివాడికి కొత్తగా ఐదు ఓట్లు పోగయ్యాకే లిస్టులో మారుస్తాం. నిన్న సాయంత్రం ఎవరింటికి వెళ్లాడో గుర్తుపెట్టుకుని, పొద్దున్నే అంకె చూసి, మనిషిని పట్టుకునే వీలు లేదు.

మూడు ఓట్లవాడు అందరికంటే పైన కూర్చుంటే

థంబ్స్‌లో శాతం చూసి వరస పెడితే వచ్చే తంటా ఇది. కొత్తగా వచ్చిన మెకానిక్‌కు మూడే ఓట్లు, మూడూ పైకే. అంటే 100 శాతం. 40లో 36 తెచ్చుకున్న పాతవాడికి 90. కొత్తవాడు లిస్టులో మొదట కూర్చుంటాడు. ఆ మూడు ఓట్లు అతని బావమరిది కుటుంబానివే కావచ్చు.

దీనికి గణాంకాల్లో విల్సన్ స్కోరు లాంటి పద్ధతులున్నాయి. అంత దూరం వెళ్లక్కర్లేదు. ప్రతి ఒక్కరికీ ముందే రెండు పై ఓట్లు, రెండు కింది ఓట్లు ఉన్నట్టు కలిపేయండి. కొత్తవాడు 7లో 5, అంటే 71 శాతం. పాతవాడు 44లో 38, అంటే 86 శాతం. వరస సరిపోయింది. ఓట్లు పెరిగేకొద్దీ ఈ కలిపిన నాలుగూ పెద్దగా లెక్కలోకి రావు, కాబట్టి కొత్తవాడికి అన్యాయమూ జరగదు. షీట్‌లో పై ఓట్లు B కాలమ్‌లో, కింది ఓట్లు C కాలమ్‌లో ఉంటే:

```
=(B2+2)/(B2+C2+4)
```

వరస పెట్టడానికి మాత్రమే ఇది. చూపించేటప్పుడు "40 మందిలో 36 మంది మళ్లీ పిలుస్తామన్నారు" అని మాటల్లో రాయండి. శాతం కంటే ఆ వాక్యం జనానికి తొందరగా ఎక్కుతుంది.

పాత స్టార్లను థంబ్స్‌గా మార్చుకోవచ్చా అని ఒకరడిగారు. వద్దు. నాలుగిచ్చినవాళ్లను పైకి కలపాలా కిందికి కలపాలా అన్నది మీరు తేల్చలేరు. ఒకరి నాలుగు మెచ్చుకోలు, ఇంకొకరి నాలుగు మొహమాటంతో చేసిన ఫిర్యాదు. పాత లిస్టును అలాగే పక్కన పెట్టి, సున్నా నుంచి మొదలుపెట్టండి.

మూడో మెట్టు పెడితే ఎక్కడ పెట్టాలి

రెండూ కాదు, మూడు మెట్లు పెడదామని అందరికీ తోస్తుంది. నాకూ తోచింది. బాగుంది, పర్లేదు, బాగాలేదు అని పెట్టాను. వారం తిరక్కుండానే జనమంతా పర్లేదులోకి చేరిపోయారు. మొహమాటానికి మనమే కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టయింది.

తర్వాత నెట్‌ఫ్లిక్స్ ఏం చేసిందో చూశాను. 2022లో వాళ్లూ మూడో గుర్తు పెట్టారు, కానీ మధ్యలో కాదు. పైన పెట్టారు. ఒక వేలు అంటే నచ్చింది, రెండు వేళ్లు అంటే చాలా నచ్చింది. జనం ఎక్కడ గుమిగూడతారో అక్కడే గీత గీశారన్నమాట. రేటింగ్‌లన్నీ పైనే పోగయ్యేటప్పుడు మధ్యలో మెట్టు కడితే ఉపయోగం ఏముంది, పైనున్న గుంపును విడదీయాలి గానీ.

ఇప్పుడు మా ఫారంలో మూడు బటన్లున్నాయి: "మళ్లీ పిలవను", "మళ్లీ పిలుస్తాను", "మా చుట్టాలకూ చెబుతాను". పర్లేదు అనుకున్నవాళ్లు రెండోదానిలో పడతారు, అక్కడ వాళ్లు అబద్ధం చెప్పాల్సిన పని లేదు. గొప్పగా చేసినవాడికి పైన ఖాళీ ఉంది. చుట్టాలకు చెప్పడమంటే మన మాట పోయే వ్యవహారం కాబట్టి, గుమ్మంలో ఎవరు అడిగినా ఆ బటన్ ఊరికే నొక్కరు. "పిలవను" నొక్కితే ఒకే ఒక్క అదనపు ప్రశ్న వస్తుంది: ఆలస్యమా, డబ్బు ఎక్కువా, చేసిన పని మళ్లీ చెడిందా? ఇది లేకపోతే, ధర నచ్చక నొక్కిన వేలూ, ఏసీ మళ్లీ కారినందుకు నొక్కిన వేలూ ఒకేలా కనిపిస్తాయి.

స్కేలు నిజం చెబుతోందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? మా దగ్గర గేటు రిజిస్టరు ఉంది. ఏ పనివాడు ఏ ఫ్లాట్‌కు ఎప్పుడు వచ్చాడో సెక్యూరిటీ రాసుకుంటారు. ఎవరి పేరూ బయటికి చెప్పకుండా, మొత్తం మీద మాత్రమే చూశాను: మంచి రేటింగ్ ఇచ్చిన ఇళ్లకు, మళ్లీ అదే పని పడినప్పుడు అదే మనిషి వచ్చాడా? ఐదు స్టార్ల రోజుల్లో ఐదిచ్చి, తర్వాతిసారి ఇంకొకరిని పిలిచినవాళ్లు చాలామంది కనిపించారు. అవి మొహమాటపు ఐదులు. కొత్త ఫారంలో అలాంటివి తగ్గాయి, పూర్తిగా పోలేదు. మీ దగ్గర రిజిస్టరు లేకపోతే ఇంకో గుర్తు ఉంది: పై మెట్టులోనే పదిలో ఎనిమిది ఓట్లకు మించి పడుతుంటే ఆ స్కేలు ఇక ఎవరినీ విడదీయడం లేదు. ప్రశ్నైనా మార్చాలి, పై మెట్టునైనా చీల్చాలి.

నాలుగో బ్లాక్‌లో ఒక ఆంటీ ఉన్నారు, ఆవిడ ఫారం నింపరు. నాకే ఫోన్ చేసి చెబుతారు. మొన్న వాళ్ల గీజర్ బాగుచేసినతని గురించి అడిగాను.

"పర్లేదు బాబూ, రాసుకో."

"మళ్లీ పని పడితే ఇతన్నే పిలుస్తారా ఆంటీ?"

"అయ్యో, అతన్నెందుకు పిలుస్తాను?"